ఉత్త హలో చేసే పని

మా ఆఫీసులో ఒక సీనియర్ తన చాట్ స్టేటస్‌లో ఇలా రాసి పెట్టుకున్నాడు: "హాయ్ అని రాసి ఆగకండి. విషయం రాయండి." ఆయన బాధ నాకు అర్థమవుతుంది. పొద్దున పదింటికి ఎవరో "హాయ్ సర్" అంటారు. ఈయన చేస్తున్న పని ఆపి "హాయ్, చెప్పండి" అని కొడతాడు. అప్పటికి అవతలి మనిషి టీ తాగడానికి వెళ్లిపోయి ఉంటాడు. అతను తిరిగొచ్చి "ఫ్రీగా ఉన్నారా సర్" అనేసరికి ఈయన మీటింగ్‌లో ఉంటాడు. చివరికి రెండు నిమిషాల్లో తేలిపోయే పాస్‌వర్డ్ గొడవ భోజనాల వేళకి గానీ బయటపడదు. ఇలా విసిగిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు. nohello.net అని దీని కోసమే ఒక సైటు ఉంది. కొందరు ఆ లింకునే స్టేటస్‌లో పెట్టేసుకుంటారు.

కానీ అదే సీనియర్‌కి ఫోన్ వస్తే ఏం చేస్తాడు? ఎత్తి "హలో" అని ఆగుతాడు. అవతలివాళ్లు కూడా "హలో" అని ఒక క్షణం ఆగుతారు. అక్కడ ఎవరికీ విసుగు రాదు. పైగా ఫోన్ ఎత్తగానే ఎవరైనా హలో కూడా అనకుండా "రేపు ఆరింటికి బండి పంపు" అంటే, ఇదేం మనిషి, మాట్లాడే పద్ధతే లేదు అనుకుంటాడు. ఫోన్‌లో మర్యాదగా ఉన్న ముక్క చాట్‌లోకి వచ్చేసరికి పీడ ఎందుకయింది? ఇది తేలాలంటే, వెనక ఏ ప్రశ్నా లేని ఉత్త హలో ఫోన్‌లో అసలు ఏం పని చేస్తోందో ముందు చూడాలి. వినడానికి ఏమీ లేనట్టుండే ఆ రెండక్షరాల మీద ఒక మనిషి ఏకంగా పరిశోధనే చేశాడు. ఆయన దగ్గరికి వెళ్లేముందు, ఈ మాట ఫోన్‌లోకి ఎలా వచ్చిందో కాస్త చెప్పుకోవాలి.

1877లో టెలిఫోన్ ఇంకా పసిబిడ్డ. రెండు ఆఫీసుల మధ్య తీగ వేసి, దాన్ని పగలంతా తెరిచే ఉంచాలని అప్పటి ఆలోచన. మరి అవతలి ఆఫీసులో మనిషి ఫోన్ పక్కనే కూర్చుని ఉండడు కదా, అతన్ని పిలిచేదెలా? గంట ఒకటి పెట్టాలా అనే చర్చ వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 15న థామస్ ఎడిసన్ పిట్స్‌బర్గ్‌లోని టి.బి.ఎ. డేవిడ్ అనే టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఒక ఉత్తరం రాశాడు. పిలవడానికి గంట అక్కర్లేదనుకుంటున్నాను, "హలో" అని అరిస్తే 10 నుంచి 20 అడుగుల దూరం వినిపిస్తుంది అన్నది అందులోని సారాంశం. గ్రాహం బెల్‌కి మాత్రం ఓడల వాళ్లు వాడే "అహోయ్" అనే మాట ఇష్టం. అది నిలవలేదు. మరుసటి ఏడాది న్యూ హేవెన్ ఊళ్లో అచ్చయిన తొలినాటి టెలిఫోన్ పుస్తకంలో, మాట మొదలుపెట్టేటప్పుడు గట్టిగా, హుషారుగా "హలో" అనాలని, ముగించేటప్పుడు "అంతే" అనాలని సలహా ఇచ్చారు. "అంతే" అని ఫోన్ పెట్టేస్తే మన ఇళ్లలో పెద్ద గొడవలే అవుతాయి. "ఉంటా మరి" అని ఇద్దరూ మూడేసి సార్లు చెప్పుకుంటే గానీ మనకి ఫోన్ పెట్టినట్టుండదు.

ఎడిసన్ ఉత్తరంలో నన్ను ఆకట్టుకున్నది ఒక్కటే. హలో టెలిఫోన్‌లోకి వచ్చింది గంటకు బదులుగా. గంట ఏ విషయమూ చెప్పదు. గుడిలోకి వెళ్లగానే గంట కొడతాం, కోరిక ఆ తర్వాత చెప్పుకుంటాం. కోరికను గంటలోనే కలిపి మోగించాలని ఎవరూ అనుకోరు.

తర్వాత ఫోన్లకు నిజంగానే గంటలు వచ్చాయి. అప్పుడు హలో అవసరం తీరిపోవాలి. తీరలేదు. పిలిచేవాడి నోటి నుంచి ఎత్తేవాడి నోటికి మారింది. ఈ మార్పు చాలా మామూలుగా జరిగిపోయింది గనుక దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు, ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త పట్టించుకునేదాకా.

1960లలో ఆయన చేతికి పోలీసుల ఫోన్ల రికార్డింగులు దొరికాయి. అమెరికా మధ్య ప్రాంతంలోని ఒక నగరంలో విపత్తు సమయంలో పోలీసులకు వచ్చిన కాల్సు, వాళ్లు చేసిన కాల్సు, మొత్తం సుమారు 500. ఆయన చూసింది వాటిలో చెప్పుకున్న విషయాలను కాదు, మొదటి కొన్ని క్షణాలను. ఎవరు ముందు మాట్లాడుతున్నారు? జవాబు మనందరికీ తెలిసిందే, ఫోన్ ఎత్తినవాళ్లే ముందు మాట్లాడతారు. అదే నియమంగా రాసుకుని అన్ని కాల్సూ వరసగా చూస్తే, అన్నీ నియమానికి సరిపోయాయి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్క కాల్ పోలీసులు రెడ్‌క్రాస్ ఆఫీసుకు చేసింది. అవతల ఫోన్ ఎత్తారు. ఒక సెకను పాటు ఏ మాటా లేదు. అప్పుడు ఫోన్ చేసిన పోలీసే "హలో" అన్నాడు. ఆ తర్వాత అవతలివాళ్లు "అమెరికన్ రెడ్‌క్రాస్" అన్నారు. దానికి పోలీసు మళ్లీ "హలో, ఇది పోలీస్ హెడ్‌క్వార్టర్స్" అన్నాడు.

ఐదొందల్లో ఒకటే కదా, పక్కన పెట్టేద్దాం అనొచ్చు. షెగ్లాఫ్ పెట్టలేదు. ఈ ఒక్కటి కూడా ఇమిడేదాకా తన నియమాన్నే తిరగరాశాడు. ఫోన్ ఎత్తినవాడు ముందు మాట్లాడతాడు అనుకోవడమే పొరపాటు, అప్పటికే ఒక మాట జరిగిపోయింది అన్నాడు. ఆ మొదటి మాట రింగు. రింగు ఒక పిలుపు. ఎత్తినవాడు అనే హలో ఆ పిలుపుకు పలకడం. రెడ్‌క్రాస్ కాల్‌లో పిలుపు వెళ్లింది, ఎవరూ పలకలేదు. పిలిస్తే పలక్కపోతే మనమేం చేస్తాం? మళ్లీ పిలుస్తాం. ఆ పోలీసు మొదటి హలో అదే, నోటితో మోగించిన రెండో రింగు. అతని రెండో హలో మాత్రం పలకరింపు. ఒకే మనిషి, ఒకే కాల్‌లో, కొద్ది క్షణాల తేడాతో ఒకే మాటను రెండు వేరు పనులకు వాడాడు. 1968లో అచ్చయిన ఆ వ్యాసంలో షెగ్లాఫ్ ఈ జంటకు ఇంగ్లిషులో ఏదో బరువైన పేరు పెట్టుకున్నాడు గానీ, తెలుగులో ఆ అవసరం లేదు. పిలుపు, పలుకు. పిలిస్తే పలికే దేవుడంటాం. రెండిళ్ల మధ్య మాటల్లేవని చెప్పాలంటే "పిలిచినా పలకడం లేదు" అంటాం. పలకరింపు అనే మాటలోనే పలుకు ఉంది, అవతలివాళ్ల చేత ఒక మాట పలికించడం.

సిగ్నల్ సరిగా లేని చోట ఫోన్ మాట్లాడిన వాళ్లెవరికైనా మూడో పని కూడా తెలుసు. మాట మధ్యలో అవతల నిశ్శబ్దం అయిపోతే "హలో? హలో?" అంటాం. అది పిలుపూ కాదు, పలకరింపూ కాదు. తీగ తెగిందా లేదా అని తట్టి చూడటం. రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త భాష చేసే ఆరు పనుల్లో దీన్ని ఒకటిగా లెక్కపెట్టాడు. పసిపిల్లలు మాటలు రాకముందే నేర్చే పని ఇదేనని, మాట్లాడే పక్షులకూ మనకూ ఉమ్మడిగా ఉన్నది కూడా ఇదొక్కటేనని ఆయన 1960లో రాశాడు. పంజరంలో చిలక పొద్దస్తమానం మనల్ని పిలుస్తూనే ఉంటుంది. దానికి కావలసిన సమాచారం మన దగ్గరేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. పిలుపు, పలుకు అనే జంటకు ఒక ముఖ్యమైన గుణం ఉంది. అది దానితో ముగిసిపోదు. "అమ్మా!" అన్నాక అమ్మ "ఏంట్రా?" అంటే, ఇక పిల్లాడు ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఏమీ చెప్పకుండా వెళ్లిపోతే "పిలిచి పోతావేంట్రా" అని కేకలేస్తుంది. అమ్మ కూడా పలికిందంటే, చెప్పేది వినడానికి ఒప్పుకున్నట్టే. ఇద్దరి మీదా ఒక్కో బాధ్యత పడింది. షెగ్లాఫ్‌తో కలిసి పనిచేసిన హార్వీ శాక్స్ దీన్ని పిల్లల మాటల్లో పట్టుకున్నాడు. పెద్దవాళ్ల మధ్య పిల్లలకు మాట్లాడే హక్కు తక్కువ. అందుకే వాళ్లు "నీకో సంగతి తెలుసా?" అని మొదలుపెడతారు. పెద్దవాళ్లు "ఏంటి?" అనక తప్పదు. ఆ "ఏంటి"తో పిల్లలకు మాట్లాడే హక్కు దొరికింది, హక్కే కాదు, అది పెద్దలు స్వయంగా అప్పగించిన పని. ఇప్పుడు అడ్డుపడితే తప్పు పెద్దలదే.

ఈ తతంగాన్ని తెలుగువాళ్లం దాదాపు బాహాటంగా చేస్తాం. మనకు హలోకి సరైన తెలుగు మాట లేదని కొందరు బాధపడుతుంటారు. నమస్కారం మర్యాద చూపిస్తుంది, పిలవదు. కానీ పిలవడానికి మన దగ్గర ఒక మాట కాదు, చుట్టరికాలన్నీ ఉన్నాయి. వీధిలో, ఆటో స్టాండులో, కొట్టు ముందు "అన్నా!" అంటే చాలు. తెలిసినవాడే అవ్వాలని లేదు. అక్కా, బాబాయ్, పెద్దమ్మా, బావా, అన్నీ ఇదే పని చేస్తాయి. ఇంగ్లిషు హలో చెప్పని ఇంకో ముక్క కూడా ఇవి చెబుతాయి, నిన్ను నేను ఏ వరసలో చూస్తున్నానో. ఇక పలికే మాట చూడండి: "ఆఁ, చెప్పు." పెద్దవాళ్లయితే "చెప్పండి." ఫోన్లలో కూడా హలో అయిన మరుక్షణం మనవాళ్లలో చాలామంది అనేది ఇదే. షెగ్లాఫ్ పేజీలకు పేజీలు రాసి తేల్చిన సంగతి, పలికినవాడు వినే బాధ్యత ఒప్పుకుని మాటను పిలిచినవాడికి అప్పగిస్తాడని, మన ఆటో అన్న "ఆఁ, చెప్పు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

అంటే ఉత్త హలో ఒక అనుమతి అడుగుతుంది, విషయాన్ని ఇంకా బయటపెట్టకుండా. బయటపెట్టకపోవడం వల్ల లాభమేంటి? రోజూ జరిగే ఒక ఫోన్‌ని నెమ్మదిగా నడిపి చూద్దాం. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రాడు తెనాలిలో ఉన్న పిన్నికి ఫోన్ చేశాడనుకోండి. అతనికి కావలసింది ఇరవై వేలు, నెల మొదట్లో ఇచ్చేస్తాడు. అది ఎలా అడగాలో బస్సులో వాక్యాలు కూడా కూర్చుకున్నాడు.

రింగు అయింది. పిన్ని ఎత్తి "హలో" అంది.

ఈ హలోలో ఎంత సరుకు ఉందో చూడండి. ముందు, ఎత్తింది పిన్నే గానీ బాబాయి కాదు. ఈ సంగతి అతనికి పేరు చెప్పకుండానే గొంతుతో తెలిసింది. ఆమె గొంతు నిద్రలోంచి వచ్చిందా, వంటింట్లోంచి వచ్చిందా, నీరసంగా ఉందా, వెనక టీవీ ఉందా, మనుషులున్నారా, ఇదంతా ఆ ఒక్క మాటతో పాటే వస్తుంది. ఫోన్‌లో మాట మొదలయ్యే తీరు మీద షెగ్లాఫ్ తర్వాత చేసిన పనిలో ఇది పెద్ద భాగం. పిలుపుకు పలకగానే తర్వాత జరగాల్సింది ఒకరినొకరు గుర్తుపట్టడం, దానికి ఎత్తినవాళ్ల హలో గొంతు నమూనాగా పనికొస్తుంది. తన పేరు చెప్పకుండా "హలో" అని తిరిగి అనడంలో ఒక చిన్న గర్వం కూడా ఉంటుంది, నా గొంతు నీకు తెలుసు కదా అని.

"హలో, పిన్నీ."

"ఆఁ, నువ్వా! చెప్పరా."

పిన్ని ఇక్కడ గుర్తుపట్టింది, వినడానికి ఒప్పుకుంది. కానీ ఆమె గొంతు పైకి లేవాల్సిన చోట లేవలేదు. వెనక ఎవరో ట్రాలీ తోస్తున్న చప్పుడు, ఎవరివో పేర్లు పిలుస్తున్న చప్పుడు. కుర్రాడు సిద్ధం చేసుకున్న వాక్యాలన్నీ మింగేశాడు.

"ఎక్కడున్నారు పిన్నీ?"

"ఆసుపత్రిలో ఉన్నాంరా. నీకే చేద్దామనుకుంటున్నా. బాబాయికి పొద్దున కళ్లు తిరిగి..."

ఇరవై వేల ముక్క బయటికి రాలేదు. అదే అతను హలోతో పాటే, ఒకే గుక్కలో "పిన్నీ, ఒక ఇరవై వేలు సర్దుతావా?" అని ఉంటే? తప్పు అతనిది కాదు, అతనికి తెలియదు. అయినా ఆ ప్రశ్న అక్కడ పడి ఉంటుంది, ఇద్దరికీ ఇబ్బంది. ఉత్త హలో అతనికి దాదాపు మూడు సెకన్ల వ్యవధి ఇచ్చింది. ఆ వ్యవధిలో అతను తన మనసు మార్చుకున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. అడగని అప్పుకు కాదనాల్సిన పని పిన్నికీ పడలేదు.

ఇంకోటి కూడా జరిగింది. "నీకే చేద్దామనుకుంటున్నా" అని పిన్ని తన విషయాన్ని ముందు పెట్టేసింది. మాట మొదట్లో ఈ చోటు చాలా విలువైనది. ఫోన్ చేసినవాళ్లు ఎందుకు చేశారో చెప్పడానికి ఉన్న చోటు అది, పలకరింపులు అయ్యాక వస్తుంది. మామూలుగా అది ఫోన్ చేసినవాళ్లదే. కానీ అక్కడిదాకా వచ్చేలోపు అవతలివాళ్ల దగ్గర అంతకన్నా పెద్ద విషయం ఉంటే, వాళ్లు ముందే అడ్డొచ్చి దాన్ని బయటపెట్టే సందు ఈ పలకరింపుల్లోనే ఉంది. మొదటి వాక్యంలోనే ప్రశ్న వస్తే ఆ సందు మూసుకుపోతుంది. ప్రశ్న రాగానే అవతలి మనిషి జవాబు చెప్పేవాడైపోతాడు, ముందు దాని సంగతి చూడాలి, తన మాట తర్వాత.

పిన్ని విషయం లేకపోయి ఉంటే? అతను కూడా డబ్బు అడగకూడదనుకుంటే? ఆ చోటును ఖాళీగా వదిలేయలేం. అందుకే మనకో మాట ఉంది: "ఏం లేదు పిన్నీ, ఊరికే చేశా." ఈ "ఊరికే"ని మించిన మాట నాకు తెలిసి ఇంకో భాషలో లేదు, నేను పక్షపాతినే అనుకోండి. విషయం చెప్పాల్సిన చోట విషయం లేదని చెప్పడమే విషయం. నిన్ను తలుచుకుని చేశాను తప్ప నీతో పని ఉండి కాదు అని. దాని బరువు ఎంతో తెలియాలంటే, మూడు నెలలుగా ఫోన్ చేయనివాడు "ఊరికే చేశా" అంటే ఏమవుతుందో గుర్తుచేసుకోండి. "ఊరికేనా? ఏంటి, ఏదైనా విషయమా? ఆరోగ్యం బాగుందా?" అని వెంటనే అనుమానం మొదలవుతుంది. రోజూ చేసేవాడి ఊరికే వేరు, ఎప్పుడూ చేయనివాడి ఊరికే వేరు.

పని లేని పలకరింపును మొదట పట్టించుకున్న పండితుడు బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ. పాపువా న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి వచ్చిన ఆయన 1923లో ఒక మాట గమనించి రాశాడు. మనుషులు కలిసినప్పుడు చెప్పుకునే చాలా మాటలకు వాటి అర్థంతో పని లేదు, ఆ మాటలతోనే ఇద్దరి మధ్య బంధం అల్లుకుంటుంది, ఎదురుపడ్డ మనిషి ఏమీ పలక్కుండా ఉంటే అదే భయం పుట్టిస్తుంది అని. ఇది తెలుసుకోవడానికి మనం దీవులదాకా వెళ్లనక్కర్లేదు. ఎవరింట్లోనైనా మనిషి పోతే "పలకరించి వద్దాం" అంటాం. అక్కడికి వెళ్లి అడిగేదేమీ ఉండదు. కాసేపు కూర్చుంటాం, వస్తాం. ప్రశ్నలు వేసే చుట్టాలు ఉంటారు గానీ, వాళ్లు వెళ్లాక ఆ ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు.

ఇక మా సీనియర్ దగ్గరికి రావచ్చు. ఫోన్‌లో ఇంత పని చేసే హలో చాట్‌లో ఎందుకు దెబ్బతింది?

మొదటి కారణం అందరూ చెప్పేదే, సమయం. ఫోన్‌లో పిలుపు, పలుకు, గుర్తుపట్టడం, చెప్పు అనడం, అన్నీ కలిపి ఐదారు సెకన్లు. చాట్‌లో ఒక్కో మెట్టుకూ ఐదు నిమిషాలు పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. కానీ నాకు ఇంతకన్నా ముఖ్యంగా అనిపించే కారణం ఇంకోటుంది. ఫోన్ రింగు ఆగిపోతుంది. ఎత్తకపోతే, ఊళ్లో లేడేమో, స్నానంలో ఉన్నాడేమో, ఎవరికీ తప్పు అంటదు. చాట్‌లో "హాయ్" మాత్రం ఆగని రింగు. స్క్రీన్ మీద అలాగే ఉండిపోతుంది. పైగా రెండు నీలం టిక్కులు పడ్డాయంటే, విన్నాడు గానీ పలకలేదు అని అవతలివాడికి సాక్ష్యం కూడా దొరికింది. ఇక్కడ పలకడం అంటే కూడా చిన్న ఒప్పందం కాదు. "హాయ్, చెప్పండి" అని కొట్టినవాడు, అవతలివాడు ఎప్పుడు వస్తే అప్పుడు వింటానని ఒప్పుకున్నట్టవుతుంది. ఆ టెన్షన్‌తోనే చాలామంది టిక్కు పడనీయకుండా నోటిఫికేషన్‌లోనే చదివి ఊరుకుంటారు.

పోగొట్టుకున్నది ఇంకోటి ఉంది, గొంతు. చాట్‌లో తిరిగొచ్చే "హాయ్"లో ట్రాలీ చప్పుడు వినిపించదు. కుర్రాడికి పిన్ని ఇచ్చిన మూడు సెకన్ల సమాచారంలో ఇక్కడ ఏమీ రాదు. అంటే గంటను మోగించే ఖర్చు పెరిగింది, దాని వల్ల దొరికేది తగ్గింది. కాబట్టి ఆఫీసు పనికి సంబంధించి సీనియర్‌దే న్యాయం. "హాయ్ సర్, ఫలానా ఫైలు తెరుచుకోవడం లేదు, కుదిరినప్పుడు చూడండి" అని ఒకే మెసేజ్‌లో పలకరింపూ పనీ కలిపి రాస్తే ఎవరికీ నష్టం లేదు. గంట కూడా ఉంది, విషయమూ ఉంది, ఎప్పుడు పలకాలన్నది చదివేవాడి ఇష్టం.

అవతలివాళ్లు పలకడానికే కూర్చున్నచోట కూడా ఉత్త హలో కుదించుకుపోతుంది. 108కి చేస్తే వాళ్లు అంబులెన్స్ పంపడానికే ఉన్నారు. వాళ్లు వీలుగా ఉన్నారో లేదో అన్న అనుమానం మనకు లేదు, బాగున్నారా అని అడిగే పనీ లేదు. అలాంటి కాల్సులో పలకరింపులు దాదాపుగా రాలిపోయి, పిలుపు, పలుకు, ఆ వెంటనే విషయం మాత్రమే మిగులుతాయని అత్యవసర కాల్సు మీద పని చేసినవాళ్లు చూపించారు. అక్కడ హలో అని ఆగితే ఆగినంతసేపూ నష్టమే.

కానీ చాట్‌లో ఉత్త హాయ్ పూర్తిగా దండగ అంటే నేను ఒప్పుకోను. అది పిలుపుగా ఓడిపోతుంది, పలకరింపుగా ఇంకా పనిచేస్తుంది. తేడా ఎలా తెలుస్తుంది? తిరిగి "హాయ్" వచ్చాక నువ్వు ఇంకేమీ చెప్పకపోయినా సరిపోయేటట్టు ఉంటే అది పలకరింపు. పక్క సీటు అమ్మాయి పొద్దున్నే పెట్టే "గుడ్ మార్నింగ్ అక్కా", పెద్దమ్మ ఫ్యామిలీ గ్రూపులో పెట్టే పూల బొమ్మ ఇలాంటివి. వాటి కింద "చెప్పండి పెద్దమ్మా" అని ఎవరూ రాయరు. వెనక ఒక పని దాక్కుని ఉంటే అది పిలుపు, దాన్ని ఒంటరిగా పంపకూడదు. "హాయ్ అండీ, ఎలా ఉన్నారు" అని ఏడాది తర్వాత వచ్చిన మెసేజ్ చూడగానే మనకు కడుపులో ఏదో తిప్పేది ఇందుకే. అది ఏ రకమో ఇంకా తెలియదు. చిట్ ఫండా, పెళ్లి సంబంధమా, నిజంగానే ఊరికేనా?

చాలా ఏళ్ల తర్వాత పాత మనిషిని పలకరించేటప్పుడు మాత్రం ఉత్త హాయ్ కన్నా మంచి మార్గం నాకు కనబడలేదు. ప్రశ్న వేస్తే జవాబు బాకీ పెట్టినట్టవుతుంది. ఎక్కడుంటున్నావు, ఏం చేస్తున్నావు, పెళ్లయిందా, పిల్లలా? ఈ ప్రశ్నల్లో ఏదో ఒకటి అవతలి మనిషికి చెప్పడం కష్టమైనది అయ్యుండొచ్చు. హాయ్‌కి హాయ్ చాలు. ఇష్టం లేకపోతే పలక్కుండా ఊరుకున్నా దేన్నీ కాదన్నట్టు కాదు.

పదిహేనేళ్లుగా మాటల్లేని ఒక బడి స్నేహితుడి నంబరు నాకు పోయినేడు ఎవరి ద్వారానో దొరికింది. ఎందుకు మాటలు ఆగాయో ఇద్దరికీ గుర్తుండే ఉంటుంది, అది ఇక్కడ అనవసరం. నాలుగు వాక్యాలు రాసి చెరిపేశాను. క్షమాపణ లాంటిది ఒకటి, బాగున్నావా అని ఒకటి. చివరికి "హాయ్ రా" అని మాత్రం పంపాను. నాలుగు రోజులు ఏమీ లేదు. ఐదో రోజు జవాబు వచ్చింది: "ఎవరు?"

నవ్వొచ్చింది. చాట్‌లో గొంతు ఉండదని ఇంతసేపూ చెప్పినవాణ్ణే, నా సంగతికొచ్చేసరికి మర్చిపోయాను. కొత్త నంబరు, నా డీపీలో ఉన్నది మా అమ్మాయి బొమ్మ. వాడికి ఎలా తెలుస్తుంది? పేరు టైప్ చేయబోయి ఆగాను. మైకు గుర్తు నొక్కి పట్టుకుని, "ఒరేయ్" అన్నాను. అంతే, ఒక్క సెకను వాయిస్ మెసేజ్.

నిమిషం కూడా కాలేదు, ఫోన్ మోగింది. ఐదొందల్లో ఒకసారి జరిగేదే నాకు జరిగింది. ఎత్తి నేను హలో అనేలోపే అవతల నుంచి, "ఇన్నాళ్లూ ఎక్కడ చచ్చావురా?"